మైగ్రేన్ ఉంటే పరీక్షకు వెలుతురు తగ్గించిన గది, విరామం, అదనపు సమయం: ఉత్తరం ఎవరికి, ఎలా రాయాలి?

ప్రశ్న: నేను అటానమస్ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచే మైగ్రేన్ ఉంది. పరీక్ష హాల్లో ట్యూబ్‌లైట్ల కింద గంట కూర్చుంటే తలలో ఒకవైపు పోట్లు మొదలై, అక్షరాలు చూడలేక, వాంతి వచ్చేలా అవుతుంది. పోయిన సెమిస్టర్‌లో రెండు పేపర్లు సగంలో వదిలేసి వచ్చాను. ఎగ్జామినర్ గారికి ఉత్తరం రాసి వెలుతురు తక్కువ ఉన్న గది, మధ్యలో విరామం, కొంత అదనపు సమయం అడగాలని ఉంది. నాకు సదరం సర్టిఫికెట్ లేదు. అడిగితే ఇస్తారా? ఉత్తరంలో ఏం రాయాలి?

సమాధానం:

ముందుగా ఒక్క మాట, అమ్మా. ఉత్తరం ఎగ్జామినర్‌కు రాయకండి. మీ జవాబుపత్రం దిద్దే వ్యక్తికి మీ పేరు తెలియదు, తెలియకూడదు. మీ హాల్ టికెట్ నంబరును కోడ్‌గా మార్చాకే పత్రం ఆయన చేతికి వెళ్తుంది. కొందరు విద్యార్థులు జవాబుపత్రం చివరి పేజీలో "నాకు ఆరోగ్యం బాగాలేదు, దయచేసి పరిశీలించండి" అని రాస్తారు. అలాంటి అభ్యర్థన రాయడాన్ని చాలా విశ్వవిద్యాలయాలు మాల్‌ప్రాక్టీస్ కిందే లెక్కిస్తాయి. ఎంత బాధలో ఉన్నా ఆ పని చేయవద్దు.

మీ కళాశాల అటానమస్ కాబట్టి నిర్ణయం మీ కళాశాలలోనే ఉండే పరీక్షల నియంత్రణాధికారిది, అంటే మీరందరూ కంట్రోలర్ అని పిలిచే వారిది. ఉత్తరం ఆయన పేరు మీద, ప్రిన్సిపాల్ గారి ద్వారా వెళ్లాలి. అఫిలియేటెడ్ కళాశాలలో చదివేవారైతే ఇదే ఉత్తరాన్ని ప్రిన్సిపాల్ సిఫార్సుతో విశ్వవిద్యాలయం కంట్రోలర్‌కు పంపించుకోవాలి. మిడ్ పరీక్షలకు ఇంత దూరం అక్కర్లేదు. హెచ్‌వోడీ, ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే చాలు. అందుకే మిడ్స్‌తోనే మొదలుపెట్టమంటాను. మిడ్‌లో ఒకసారి ఆ గది ఇచ్చి, ఏ గొడవా లేకుండా పరీక్ష జరిగితే, సెమిస్టర్ పరీక్షకు అడిగేటప్పుడు అదే మీకు పెద్ద ఆధారం.

నేను చాలా ఏళ్లు ఒక డిగ్రీ కళాశాల పరీక్షల విభాగంలో పనిచేశాను. ఇలాంటి ఉత్తరాలు బల్లకు అవతలివైపు నుంచి చూశాను. తిరస్కరించినవాటిలో ఎక్కువ భాగం అబద్ధమని తిరస్కరించినవి కావు. "నాకు మైగ్రేన్ ఉంది, తగిన సౌకర్యాలు కల్పించగలరు" అని ఉంటే, ఏ సౌకర్యం, ఏ రోజు, ఎవరు చూసుకోవాలి అనేది తేల్చుకోలేక ఫైలు పక్కన పెట్టేస్తారు. పరీక్షకు రెండు రోజుల ముందు సీటింగ్ ప్లాన్ వేసే మనిషి మీ ఉత్తరం చదివి, ఎవరినీ ఏమీ అడగకుండా ఏర్పాటు చేయగలగాలి. ఆ మనిషిని కళ్ల ముందు ఉంచుకుని రాయండి.

మీరు అడుగుతున్న మూడూ ఒకే రకం కోరికలు కావు. గది కేవలం ఏర్పాటుకు సంబంధించిన విషయం. విరామం పేపర్ రహస్యానికి సంబంధించినది. అదనపు సమయం తోటి విద్యార్థులతో సమానత్వానికి సంబంధించినది కాబట్టి దాని మీదే ఎక్కువ చర్చ జరుగుతుంది. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి అడిగితే, మూడో దాని మీద అభ్యంతరం మొదటి రెండింటినీ కూడా ముంచేస్తుంది. విడివిడిగా, ఒక్కోదానికి ఒక్కో కారణంతో అడగండి.

గది గురించి. "చీకటి గది" అని రాయకండి. చీకట్లో ఎవరూ రాయలేరు, రాయాలని ప్రయత్నిస్తే కళ్లు మరింత అలసిపోతాయి. మీకు కావలసింది తల మీద నేరుగా పడే వెలుతురు, కిటికీ నుంచి కళ్లలోకి కొట్టే ఎండ, మిణుకుమనే ట్యూబ్‌లైట్ లేకపోవడం. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుతుంది. చాలామంది కంటికి అది కనిపించదు, కానీ మైగ్రేన్ ఉన్నవారిలో కొందరిని అదే ఇబ్బంది పెడుతుంది. చోక్ పాడైతే ఆ మినుకు కంటికే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్నవాటిలో ఈ బాధ చాలా తక్కువ. అందుకని మీ కళాశాలలో గదులన్నీ తిరిగి చూసి, ఉత్తరంలో గది పేరే రాయండి: ఫలానా బ్లాకులో, కింది అంతస్తులో, ఉత్తరం వైపు కిటికీలున్న ఫలానా గది. ఉత్తరపు కిటికీలోంచి మన ప్రాంతంలో ఏడాదిలో చాలా నెలలు నేరుగా ఎండ పడదు. ఆ గదిలో మీ బెంచీ పైనున్న లైటు ఆర్పి, మిగతావి వెలిగించి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే సాధారణంగా సరిపోతుంది. సీసీ కెమెరా ఉన్న గదిలోనే పరీక్ష పెట్టాలనే నిబంధన మీ కళాశాలలో ఉంటే, కెమెరా ఉన్న గదినే ఎంచుకుని అడగండి. లేకపోతే ఆ ఒక్క కారణంతో ఉత్తరం వెనక్కి వస్తుంది.

గది విషయంలో ఇంకొకటి తరచూ జరుగుతుంది. అదనపు ఇన్విజిలేటర్‌ను వేయలేక, మిమ్మల్ని స్క్రైబ్‌తో రాసేవారి గదిలో కూర్చోబెడతామంటారు. వారి వైపు నుంచి అది సహజమైన ఆలోచనే, అక్కడ ఎలాగూ అదనపు సమయం నడుస్తుంది. కానీ ఆ గదిలో ప్రశ్నలు పైకి చదువుతారు, జవాబులు చెప్పి రాయిస్తారు. మైగ్రేన్‌లో వెలుతురు ఎంత బాధపెడుతుందో శబ్దమూ అంతే బాధపెడుతుంది. "స్క్రైబ్‌లు ఉన్న గది కాకుండా" అని ముందే రాసుకోండి. జనరేటర్ పక్క గది, మరుగుదొడ్ల పక్కన ఫినాయిల్ వాసన వచ్చే గది కూడా వద్దనండి. ఘాటు వాసనతో నొప్పి మొదలయ్యేవారు చాలామంది ఉంటారు. మీరు అందులో ఒకరైతే ఆ మాట రాయండి.

నల్ల కళ్లద్దాల గురించి కూడా చెబుతాను. గదిలోపల రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటే కళ్లు ఆ చీకటికి అలవాటుపడి, తీసినప్పుడు మామూలు వెలుతురు కూడా మరింత గుచ్చుతుంది. అంచున్న టోపీ, డాక్టరు సూచిస్తే లేత రంగు అద్దాలు మేలు. ఏది వాడినా ఉత్తరంలో అనుమతి అడగాలి. ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చినప్పుడు టోపీ పెట్టుకున్న అభ్యర్థి గురించి గదిలో ఉన్న ఇన్విజిలేటర్ చేతిలో కాగితం లేకపోతే, సమాధానం చెప్పుకోవాల్సింది మీరే అవుతారు. మాత్రలు, నీళ్ల సీసా, వాంతి కవరు విషయంలోనూ ఇంతే.

విరామం, సమయం గురించి. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. అదనపు సమయం అంటే గడియారం ఆగకుండా పరీక్ష చివర్లో నిమిషాలు కలపడం. విరామం అంటే గడియారాన్ని ఆపడం. మీరు రాయడం ఆపిన పది నిమిషాలు పరీక్ష సమయంలోంచి పోవు, చివర్లో ఆ పదే తిరిగి వస్తాయి. రాసే సమయం మాత్రం అందరిలాగే మూడు గంటలే. కాబట్టి గడియారం ఆపే విరామం వల్ల మీకు తోటివారి మీద ఏ లాభమూ రాదు. మీ అభ్యర్థనను పరిశీలించేవారిలో ఎవరైనా "ఇది మిగతావారికి అన్యాయం కదా" అంటే దీనికి మించిన జవాబు లేదు. బ్రిటన్‌లో బోర్డు పరీక్షలు నడిపేవారు కూడా అదనపు సమయం ఇచ్చే ముందు, పర్యవేక్షణలో ఇచ్చే విశ్రాంతి విరామంతో సరిపోతుందేమో చూడమంటారు.

మైగ్రేన్‌కు ఇదే ఎక్కువ పనికొస్తుంది కూడా. నొప్పి మొదలవుతున్నప్పుడు కళ్లు మూసుకుని, తల ఆనించి, శబ్దం లేని చోట పది నిమిషాలు ఉండగలిగితే కొందరికి ఆ దశ దాటిపోతుంది. అదే వెలుతురులో ఇంకో గంట అదనంగా కూర్చోబెడితే మేలు కంటే కీడే ఎక్కువ కావచ్చు. గది మారకుండా, విరామం లేకుండా వట్టి అదనపు సమయమే ఇస్తామంటే, తీసుకునే ముందు ఒకసారి ఆలోచించండి.

లెక్క వేసి చూద్దాం. పరీక్ష ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు. మీరు 10.50కి పది నిమిషాలు, 11.50కి పది నిమిషాలు ఆగారు. గడియారం ఆపారు కాబట్టి మీ పరీక్ష 1.20కి ముగియాలి. దీనికి అరగంట అదనపు సమయం కలిస్తే 1.50. మధ్యాహ్నం 2కి మరో పరీక్ష మొదలవుతుంది, బ్యాక్‌లాగ్ ఉన్నవారికి అదే రోజు రెండు పేపర్లు పడవచ్చు. అప్పుడు మీకు భోజనానికి మిగిలేది పది నిమిషాలు. ఆకలితో ఉండటమే మైగ్రేన్‌కు పెద్ద కారణాల్లో ఒకటి. మీకు అలా రెండు పేపర్లు ఒకే రోజు ఉంటే ఆ తేదీలు ఉత్తరంలో రాసి, ఒకదాన్ని ఏం చేయవచ్చో ముందే అడగండి. టైం టేబుల్ వచ్చిన రోజే ఈ లెక్క వేసుకోవాలి.

విరామం మీద కళాశాల భయమంతా పేపర్ బయటికి పొక్కుతుందని. ఆ భయాన్ని ఉత్తరంలోనే తీర్చేయండి. విరామంలో ప్రశ్నపత్రం, జవాబుపత్రం ఇన్విజిలేటర్ దగ్గరే ఉంటాయి. మీరు గదిలోనే, లేదా ఇన్విజిలేటర్‌కు కనబడే చోట ఉంటారు. మొదలైన నిమిషం, ముగిసిన నిమిషం ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడతారు. ముఖ్యంగా 1 గంట తరువాత, మిగతా విద్యార్థులు పేపర్లు పట్టుకుని బయటికి వచ్చేశాక, మీరు గది దాటరు. ఇంత స్పష్టంగా విద్యార్థే రాసి ఇస్తే కంట్రోలర్‌కు వద్దనడానికి కారణం దొరకదు.

అదనపు సమయం ఎంత అడగాలి? అందరూ "గంట" అంటారు. ఆ అంకెకు మూలం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు గంట ఇస్తూ వచ్చారు. మీకది నేరుగా వర్తించదు. మీ అంకె మీ దగ్గరే పుట్టాలి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, నొప్పి లేని రోజున మీకు సరిపడే వెలుతురులో రాసి చూడండి. మరో పేపర్‌ను ఒక మోస్తరు నొప్పి ఉన్న రోజున, విరామాలతో రాయండి. రెండింటికీ పట్టిన సమయంలో తేడా చూడండి. ఆ తేడా అరగంట ఉంటే అరగంటే అడగండి. కొలిచి అడిగిన అరగంటకు ఉన్న విలువ ఊరికే అడిగిన గంటకు ఉండదు.

చట్టం మీకు ఎంతవరకు తోడొస్తుంది? దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 షెడ్యూల్‌లో మైగ్రేన్ పేరు లేదు. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్‌ను ఉదాహరణలుగా చెప్పారు. అందుకే సదరం శిబిరానికి వెళ్లినా మైగ్రేన్‌కు శాతం వేసి సర్టిఫికెట్ రావడం దాదాపు జరగదు. దానికోసం సెమిస్టర్ అంతా తిరగకండి. కానీ అదే చట్టంలో దివ్యాంగులు ఎవరో చెప్పే నిర్వచనానికి శాతం అక్కర్లేదు. చాలాకాలంగా ఉన్న లోపం, ఎదురయ్యే అడ్డంకులతో కలిసి, ఇతరులతో సమానంగా పాల్గొనకుండా చేస్తే చాలు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేడాను పట్టుకుంది. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సమస్య ఉన్న ఆ సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్ నిరాకరించడం తప్పని చెప్పింది. పరీక్షల్లో సహేతుకమైన సర్దుబాటు ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి చూడాలంది. ఆ తీర్పు తరువాత 2022 ఆగస్టు 10న, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇవి చూపి "నాకు హక్కు ఉంది, ఇవ్వాల్సిందే" అని రాయవద్దంటాను. ఆ కేసు మైగ్రేన్‌ది కాదు, మార్గదర్శకాలు చట్టంలో పేర్కొన్న వైకల్యాల గురించి. కంట్రోలర్ దగ్గర న్యాయ సలహాదారు ఉంటే ఆ రంధ్రం వెంటనే పట్టుకుంటారు. ఉత్తరం చివర ఒక వాక్యంలో తీర్పును ప్రస్తావించి, దాని స్ఫూర్తితో పరిశీలించమని కోరితే చాలు. అసలు బలం మీ డాక్టరు రాసే కాగితంలో ఉండాలి.

డాక్టరు కాగితం. "మైగ్రేన్‌తో బాధపడుతున్నారు, విశ్రాంతి అవసరం" అని రెండు ముక్కలు రాసిస్తే అది హాజరు మినహాయింపుకు పనికొస్తుంది తప్ప దీనికి కాదు. వీలైతే ప్రభుత్వ ఆసుపత్రి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. జిల్లా కేంద్రంలో న్యూరాలజిస్టు లేకపోతే సివిల్ సర్జన్ సంతకమైనా సరే. కాగితంలో ఉండాల్సినవి: ఏ రకం మైగ్రేన్, ఎప్పటి నుంచి, నెలలో ఎన్ని రోజులు, ఒక్కోసారి ఎన్ని గంటలు, ఆ సమయంలో చదవడం, రాయడం మీద ప్రభావం, వాడుతున్న మందులు, వాటివల్ల వచ్చే మగత లేదా మాటలు తట్టకపోవడం, చివరగా పరీక్షలో ఏ సర్దుబాటు అవసరమని ఆయన సలహా. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, మచ్చలు కనిపించే రకమైతే ఆ మాట తప్పకుండా రాయించండి. ఆ దశ సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలు ఉంటుంది, అప్పుడు ప్రశ్నపత్రంలో సగం పదాలు కనిపించకపోవచ్చు. విరామం ఎందుకు కావాలో దీనికంటే బాగా చెప్పేది లేదు.

ఇవన్నీ డాక్టరుకు మీరు చెబితేనే తెలుస్తాయి. కనీసం రెండు మూడు నెలల డైరీ పెట్టండి. తేదీ, నొప్పి మొదలైన సమయం, ఎక్కడ ఉన్నారు, ఎలాంటి వెలుతురు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, మళ్లీ చదవగలిగింది ఎప్పుడు. ఒక్కో రోజుకు ఒక్క వరుస చాలు. డైరీ ఇంకో విషయం కూడా పట్టిస్తుంది. పరీక్షల నెలలో పిల్లలు రోజూ నొప్పి మాత్ర మింగుతుంటారు. సుమాట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మాత్రలు నెలకు 10 రోజులు, మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు దాటి నెలల తరబడి వాడితే, ఆ మందులే తలనొప్పిని పెంచుతాయి. మీ డైరీలో అలా కనిపిస్తే గది మార్చినా ఫలితం తక్కువ. ముందు డాక్టరుతో ఆ విషయమే మాట్లాడాలి.

పోయిన సెమిస్టర్‌లో మీరు మధ్యలో లేచి వచ్చిన రెండు పేపర్లకూ రుజువు ఉండే అవకాశం ఉంది. ఎవరైనా ముందే వెళ్లిపోతే చాలా కళాశాలల్లో ఇన్విజిలేటర్ ఆ సమయం రాసి పెడతారు. ఆ రోజు డాక్టరు చీటీ ఏదైనా ఉంటే దాన్నీ జతచేయండి.

ఇక ఉత్తరం. మీ వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. ఖాళీలు మీరు నింపుకోండి, డైరీ, డాక్టరు కాగితం చెప్పని ఒక్క అంకె కూడా ఇందులో ఉంచకండి. మీ పరీక్షల విభాగం వ్యవహారమంతా ఇంగ్లిషులో నడుస్తుంటే ఇదే ఉత్తరాన్ని ఇంగ్లిషులో రాసివ్వండి.

> పరీక్షల నియంత్రణాధికారి గారికి,
> ప్రిన్సిపాల్ గారి ద్వారా.
>
> విషయం: నాలుగో సెమిస్టర్ పరీక్షల్లో మైగ్రేన్ కారణంగా ప్రత్యేక ఏర్పాట్ల కోసం అభ్యర్థన. హాల్ టికెట్ నంబరు ……
>
> అయ్యా,
>
> నేను బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని. నాకు …… సంవత్సరం నుంచి మైగ్రేన్ ఉంది. న్యూరాలజిస్టు ధ్రువపత్రం, మూడు నెలల డైరీ ప్రతి జతచేశాను. నేరుగా పడే ట్యూబ్‌లైటు వెలుతురులో దాదాపు గంట కూర్చుంటే నాకు నొప్పి మొదలై, చదవడం కష్టమై, వాంతి వస్తుంది. ఈ కారణంగా గత సెమిస్టర్‌లో ……, …… తేదీల్లో రెండు పేపర్లు మధ్యలో వదిలి వెళ్లాను.
>
> నా సబ్జెక్టుల్లో గానీ, ప్రశ్నపత్రంలో గానీ, మూల్యాంకనంలో గానీ ఏ మినహాయింపూ కోరడం లేదు. కింది మూడు ఏర్పాట్లు విడివిడిగా పరిశీలించమని మనవి.
>
> మొదటిది, గది. …… బ్లాకు …… నంబరు గదిలో, కిటికీకి వీపు పెట్టి, నా బెంచీ పైనున్న లైటు ఆర్పి రాయడానికి అనుమతి. స్క్రైబ్‌లు ఉన్న గదిలో శబ్దం వల్ల నొప్పి పెరుగుతుంది కాబట్టి ఆ గది కాకుండా కేటాయించమని కోరుతున్నాను. అంచున్న టోపీ, నీళ్ల సీసా, డాక్టరు రాసిన మాత్రలు, వాంతి కవరు దగ్గర ఉంచుకోవడానికి కూడా అనుమతి ఇవ్వగలరు.
>
> రెండోది, విరామం. అవసరమైతే పదేసి నిమిషాల చొప్పున రెండు విరామాలు, ఆ సమయాన్ని పరీక్ష సమయంలో లెక్కించకుండా. విరామంలో ప్రశ్నపత్రం, జవాబుపత్రం ఇన్విజిలేటర్ దగ్గర ఉంచుతాను, వారికి కనబడే చోటనే ఉంటాను, సమయాలు రాసిన కాగితం మీద సంతకం చేస్తాను. ఇతర విద్యార్థుల పరీక్ష ముగిశాక గది దాటను.
>
> మూడోది, అరగంట అదనపు సమయం. పాత ప్రశ్నపత్రాలు నొప్పి ఉన్న రోజు, లేని రోజు రాసి చూసుకుంటే నాకు వచ్చిన తేడా ఇది. డాక్టరు గారు కూడా ఇదే సూచించారు.
>
> పరీక్ష మధ్యలో నొప్పి తీవ్రమై రాయలేకపోతే, ఆ విషయాన్ని చీఫ్ సూపరింటెండెంట్ గారు నమోదు చేసేలా సూచన ఇవ్వగలరు.
>
> 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సహేతుకమైన సర్దుబాటు సూత్రం దృష్ట్యా నా అభ్యర్థనను పరిశీలించి, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయమని ప్రార్థన.
>
> ఇట్లు,
> తమ విధేయురాలు
> ……

ఉత్తరంలో "ఒత్తిడి", "టెన్షన్" అనే మాటలు నేను కావాలనే వాడలేదు. అవి ఒక్కసారి పడితే చదివేవారు దీన్ని పరీక్ష భయం కింద కట్టేస్తారు. "అందరికీ పరీక్షప్పుడు తలనొప్పి ఉంటుందమ్మా" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఇవ్వండి. హాల్ టికెట్లు వచ్చాక ఇస్తే గదులన్నీ సర్దేసి ఉంటాయి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వారం తరువాత ఆ నంబరు చెప్పి అడిగితే ఫైలు దొరుకుతుంది, పేరు చెప్పి అడిగితే దొరకదు. అనుమతి నోటిమాటగా ఇస్తే వినయంగా ఒక చిన్న మెమో అడగండి. పరీక్ష రోజు చీఫ్ సూపరింటెండెంట్ వేరే వ్యక్తి కావచ్చు, కేంద్రమే వేరే కళాశాల కావచ్చు. మొదటి పరీక్షకు ముందురోజు ఆ మెమో ప్రతితో కేంద్రానికి వెళ్లి గది చూసి, ఏ స్విచ్ ఏ లైటుదో కూడా కనుక్కుని రండి.

గది, విరామం ఇచ్చి సమయం ఇవ్వకపోతే ఈ సెమిస్టర్‌కు ఒప్పుకోండి. ఆ రెండింటితోనే ఎక్కువ తేడా కనిపిస్తుంది, విరామాల కాగితాలు వచ్చేసారికి రుజువుగా మిగులుతాయి. మూడూ కాదంటే కారణం రాసివ్వమని అడిగి, కళాశాలలో సమాన అవకాశాల విభాగం ఉంటే అక్కడ, ఆ తరువాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గర విన్నవించుకోవచ్చు. అది నెలలు పట్టే దారి, ఈ పరీక్షలకు అందదు.

ఈ ఏర్పాట్లకు ఒక హద్దు ఉంది. మొదలయ్యే నొప్పిని, మోస్తరు నొప్పిని ఇవి మోయగలవు. పూర్తిగా విరుచుకుపడిన మైగ్రేన్ మందు పనిచేయకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది, దానికి ఏ అదనపు సమయమూ చాలదు. మాత్ర నొప్పి మొదట్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది కాబట్టి, హాల్లో సంకేతం కనబడగానే డాక్టరు చెప్పినట్టు వేసుకుని మొదటి విరామం అప్పుడే వాడేయండి, చివరికి దాచుకోవద్దు. రెండో విరామం తరువాత కూడా అక్షరాలు నిలవకపోతే, ఇన్విజిలేటర్‌తో సమయం రాయించుకుని, అదే రోజు డాక్టరుకు చూపించుకుని చీటీ తీసుకోండి. సప్లిమెంటరీ రాయాల్సి వచ్చినా, వచ్చే సెమిస్టర్ ఉత్తరానికి ఆ రెండు కాగితాలూ జతపరచాలి.